అద్దె సామాను తిరిగి వచ్చినపుడు స్థితిని నమోదు చేసే చలానా: సౌండ్, లైటింగ్ దుకాణాలకు ఒక మార్గదర్శి

పెళ్లి ముగిసిన మర్నాడు తెల్లవారుజామున అయిదు, అయిదున్నర మధ్య సామాను బండి దుకాణం ముందు ఆగుతుంది. డ్రైవరుకు ఇంకో బాడుగ ఉంటుంది, హెల్పర్లు రాత్రంతా నిద్ర లేక తూలుతుంటారు, అద్దెకు తీసుకున్నవారి తరఫున వచ్చిన మనిషి బయానా లెక్క తేల్చుకుని వెళ్లిపోవాలని చూస్తుంటాడు. ఆ సమయంలో చలానా మీద ‘సామాను అందింది, బాగుంది’ అని రాసి సంతకం పెట్టడం మా వృత్తిలో అందరికీ అలవాటే. పర్లాకిమిడిలో ఇరవై ఏళ్లకు పైగా ఈ దుకాణం నడుపుతూ నేను పోగొట్టుకున్న డబ్బులో ఎక్కువ భాగం ఆ ‘బాగుంది’ అనే మాట వల్లే పోయింది. ఏ పరీక్ష చేసి బాగుందని తేల్చారో ఆ మాట చెప్పదు కాబట్టి, దానిని చలానాలోంచి పూర్తిగా తీసివేసి, దాని స్థానంలో ఏమి రాయాలో, ఎప్పుడు రాయాలో, ఎవరు రాయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఒకే వరుసలో రెండు స్థితులు

చాలా దుకాణాల్లో పంపేటప్పుడు ఒక కాగితం, వచ్చేటప్పుడు మరో కాగితం రాస్తారు. అప్పుడు గొడవ వచ్చిన రోజున రెండు కాగితాలూ దగ్గర పెట్టుకుని పోల్చవలసి వస్తుంది, అందులో ఒకటి తప్పకుండా దొరకదు. అందువల్ల చలానాను అడ్డంగా పొడవైన కాగితం మీద వేయించి, ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క వరుస కేటాయించి, ఆ వరుసలోనే ఎడమ వైపు ‘పంపినపుడు’, కుడి వైపు ‘వచ్చినపుడు’ అనే గడులు పక్కపక్కన ఉంచాలి. ‘వచ్చినపుడు’ అనే గడిని మళ్లీ రెండుగా చీల్చి, మొదటి సగంలో లెక్క, రెండో సగంలో పరీక్ష అని రాయించాలి. ఈ చీలిక ఎందుకో కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ఒక్కొక్క వస్తువు అంటే నిజంగా ఒక్కొక్కటే. ‘టాప్ బాక్సులు 4’ అని ఒకే వరుసలో రాస్తే నాలుగింటిలో దేనికి దెబ్బ తగిలిందో రాయడానికి చోటు ఉండదు. పైగా ఒకే ఊరేగింపులో రెండు మూడు దుకాణాల సామాను కలిసినప్పుడు మన బాక్సు అటు వెళ్లి, వేరొకరి పాత బాక్సు మన గోడౌన్‌కు చేరిన సందర్భాలు నేనే చూశాను. అందుకే ప్రతి బాక్సుకు, యాంప్‌కు, లైటుకు పెయింటుతో ఒక అంకె వేసి, ఆ అంకెనే చలానాలో రాయాలి. స్టిక్కరు ఎండకు, చెమట చేతులకు ఊడిపోతుంది. వెనుక పలక మీద సన్నని ఉలితో గీసిన అంకె అయితే ఎప్పటికీ నిలుస్తుంది.

వైర్లకు మాత్రం ఒక్కొక్క వరుస అక్కరలేదు. పొడవును బట్టి రంగు టేపు చుట్టి, ఎరుపు ఇన్ని, పసుపు ఇన్ని, నీలం ఇన్ని అని రంగుల వారీగా లెక్క రాస్తే చాలు.

చలానా భాష గురించి మా ప్రాంతంలో ప్రత్యేకంగా ఆలోచించాలి. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినపుడు పర్లాకిమిడి పట్టణం ఒడిశాలోకి వచ్చింది, ఇక్కడికి ఎంతో దూరం లేని పాతపట్నం ఆంధ్ర వైపు ఉంది. మా దగ్గర సామాను తీసుకునేవారిలో ఒకరు తెలుగు మాత్రమే చదవగలరు, ఇంకొకరు ఒడియా మాత్రమే చదవగలరు. నా చలానాలో గడుల పేర్లు రెండు లిపుల్లోనూ అచ్చు వేయించాను. అంకెలు మాత్రం 1, 2, 3 అనే అందరికీ తెలిసిన రూపంలోనే రాయిస్తాను. ఎందుకంటే ఒడియా అంకెల్లో రాసిన లెక్కను మా కుర్రవాడు ఒకసారి తప్పుగా చదివాడు. సంతకం పెట్టే మనిషికి చలానాలో ఉన్నది తన భాషలో చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. అర్థం కాని కాగితం మీద తీసుకున్న సంతకాన్ని తరువాత ఎవరూ గౌరవించరు.

పంపే ముందు రాయవలసినది

తిరిగి వచ్చినపుడు చేసే పరీక్షకు విలువ రావాలంటే అదే పరీక్షను పంపే ముందు కూడా చేసి ఉండాలి. పాత గీతలు, విరిగిన మూల, వంగిన జాలి వంటివి ఉంటే చలానా వెనుక బాక్సు బొమ్మ గీసి అక్కడ గుర్తు పెట్టండి. ఫోన్‌తో ఫోటో తీయడం కూడా మంచిదే, కానీ ఆ ఫోటోలో పెయింటు అంకె కనిపించాలి, లేకపోతే అది ఏ బాక్సుదో తరువాత చెప్పలేము.

స్పీకర్ల విషయంలో ఒక కొలత తప్పనిసరిగా రాయాలి. యాంప్‌కు కలిపే సాకెట్ దగ్గర మల్టీమీటరు పెట్టి ఓమ్‌లలో నిరోధం చూడాలి. ముందుగా మీటరు రెండు తీగలనూ ఒకదానికొకటి తాకించి, అవే చూపించే 0.2 లేదా 0.3 ఓమ్‌ను స్పీకరు దగ్గర వచ్చిన కొలతలోంచి తీసివేయాలి. 8 ఓమ్ అని రాసి ఉన్న స్పీకరు మీటరులో 8 చూపించదు. సాధారణంగా అయిదున్నర నుండి ఏడు మధ్య చూపిస్తుంది, అది దోషం కాదు.

పంపే ముందు ఈ అంకె ఎందుకు రాయాలో ఒక బేస్ బాక్సు ద్వారా చెబుతాను. రెండు 18 అంగుళాల స్పీకర్లున్న బాక్సులో రెండు 8 ఓమ్ స్పీకర్లను సమాంతరంగా కలుపుతారు, కనుక సాకెట్ దగ్గర మూడు ఓమ్‌లకు అటూ ఇటూగా కనిపిస్తుంది. వాటిలో ఒకదాని కాయిల్ కాలి తెగిపోతే అదే సాకెట్ దగ్గర ఆరు కనిపిస్తుంది. పంపినపుడు అంకె రాసుకోని కుర్రవాడు ఆరు చూసి, ‘8 ఓమ్ స్పీకరుకు ఆరు సరిపోయింది’ అనుకుని టిక్ పెట్టేస్తాడు. ఎడమ గడిలో 3.1 అని రాసి ఉంటే, కుడి గడిలో 6.1 రాయబోతున్నప్పుడే వాడి చేయి ఆగుతుంది.

యాంప్ వరుసలో ఫ్యూజు విలువ రాయాలి. తిరిగి వచ్చాక ఫ్యూజు గడిని విప్పి చూడడం నేను ఎన్నడూ మానను. ఫ్యూజు పోతే రాత్రి పూట కొత్తది దొరకక, వైరులోంచి ఒక రాగి పోగు లాగి గాజు గొట్టం చుట్టూ చుట్టి నడిపించేవారు ఉన్నారు. అలా చుట్టిన యాంప్ ఆ రాత్రి పని చేస్తుంది, అయితే దాని తరువాత ఎక్కడైనా షార్టు అయితే ఫ్యూజు కాలడానికి బదులు లోపలి భాగాలు కాలిపోతాయి.

చలానా పైభాగంలో మరో రెండు గడులు ఉండాలి: ఆపరేటరు ఎవరి మనిషి, కరెంటు ఎవరిది. మన ఆపరేటరు వెళ్లి నడిపిన రాత్రి కాలిన స్పీకరుకు అద్దెదారుని డబ్బు అడగడం న్యాయం కాదు. వారి డీజే తన మిక్సరు తెచ్చుకుని నడిపితే లెక్క వేరు. అలాగే జనరేటరు మనదా, వారు తెచ్చుకున్నదా అన్నది లైట్ల దగ్గర చాలా ముఖ్యమవుతుంది.

మొదటి సంతకం: లెక్క మాత్రమే

తెల్లవారుజామున బండి దిగేటప్పుడు చేయగలిగినది లెక్క ఒక్కటే. అంకెలు చదువుతూ బాక్సులు, యాంపులు, లైట్లు, మైకులు సరిచూడాలి. టేపు రంగును బట్టి వైర్లు లెక్కపెట్టాలి. కంటికి కనిపించే విరిగిన భాగం, తడి ఉంటే రాయాలి. ఆ పైన చలానాలో అచ్చు వేసిన ఈ వాక్యం కింద ఇద్దరూ సంతకం చేయాలి: ‘లెక్క మాత్రమే సరిచూశాము. సామాను పరీక్ష ఈ రోజు సాయంత్రం 5 గంటల లోపు జరుగుతుంది. ఆ సమయానికి రాదలచినవారు రావచ్చు. పరీక్ష తరువాత బయానా లెక్క తేలుస్తాము.’

ఈ వాక్యాన్ని పంపే రోజునే చదివి వినిపించాలి. లేకపోతే తెల్లవారాక ‘అన్నా, రాత్రంతా బాగానే మోగింది కదా, ఇంకేమి పరీక్ష?’ అని బయానా కోసం నిలబడతారు. ముందే చెబితే చాలామంది ఒప్పుకుంటారు. దూరపు ఊరి నుండి వచ్చినవారికి పరీక్షను ఫోన్‌లో వీడియో కాల్ ద్వారా చూపిస్తాను.

తడిసి వచ్చిన సామాను వరుసలో ‘తడి’ అని రాసి, కరెంటు ఇవ్వకుండా పక్కన పెట్టాలి. దాని పరీక్ష గడువును సాయంత్రం 5 నుండి మూడో రోజుకు మార్చి, మారిన గడువు పక్కన కూడా సంతకం తీసుకోవాలి. మన అట్ట చెక్క బాక్సుల్లో నీరు ఎక్కడి వరకు ఎక్కిందో అడుగు పలక ఉబ్బిన గీతను బట్టి తెలుస్తుంది. ఆ గీత ఎత్తు అంగుళాల్లో రాయండి.

రెండో సంతకం: పరీక్ష

పరీక్షను మధ్యాహ్నం తరువాత చేయమనడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. రాత్రంతా వాడిన కాయిల్ వేడిగా ఉంటే దాని రాగి తీగ నిరోధం పెరిగి ఉంటుంది. ఒక డిగ్రీ వేడికి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి, వేడి కాయిల్‌ను కొలిస్తే ఎడమ గడిలోని అంకెతో పోలిక కుదరదు. చల్లారాక కొలిచిన అంకెలనే ఒకదానితో ఒకటి పోల్చాలి.

బేస్ బాక్సుకు ఓమ్ కొలత రాశాక, వీలైతే జాలి తీసి, కోను మీద రెండు అరచేతులూ సమంగా పరిచి నెమ్మదిగా లోపలికి నొక్కి వదలాలి. మెత్తగా, నిశ్శబ్దంగా కదిలితే ‘రాపిడి లేదు’ అని రాయాలి. గరగరమని తగిలితే కాయిల్ వేడికి వంగి అయస్కాంతపు చీలికలో రాసుకుంటోందని అర్థం, మీటరు సరైన అంకె చూపించినా ఆ స్పీకరు ఎక్కువ కాలం నిలవదు. కాలిన వార్నిషు వాసన ఉంటే దానిని కూడా రాయండి. మర్నాటికి ఆ వాసన తగ్గిపోతుంది కాబట్టి అదే రోజు రాయడం ముఖ్యం.

టాప్ బాక్సు దగ్గర మాత్రం మీటరును నమ్మకూడదు. ఇక్కడే నేను మోసపోయాను. ఒక వైశాఖ మాసంలో పాతపట్నం అవతల ఒక పల్లెలో పెళ్లికి 4 టాపులు, 4 బేస్ బాక్సులు, 2 యాంపులు, ఒక 12 ఛానల్ మిక్సరు, 12 పార్ లైట్లు పంపాను. ఆపరేటరు వారి మనిషి. గురువారం సాయంత్రం వెళ్లిన సామాను శనివారం తెల్లవారుజామున వచ్చింది. మా కుర్రవాడు శ్రద్ధగానే ప్రతి బాక్సు సాకెట్‌లో మీటరు పెట్టాడు. 3వ నంబరు టాపుకు 6.1 ఓమ్ వచ్చింది, పంపినపుడూ 6.1 ఉంది. ‘బాగుంది’ అని రాశాడు. పెళ్లివారి మనిషికి బయానా తిరిగి ఇచ్చేశాము. తరువాతి పెళ్లి వరకు ఆ బాక్సు గోడౌన్‌లోంచి కదలలేదు. నాలుగు రోజుల తరువాత వేరే పెళ్లిలో వేదికకు కుడి వైపు మాట దుప్పటి కప్పినట్టు వినిపించింది. ‘స’, ‘శ’ అక్షరాలే లేవు. బాక్సు విప్పి హారన్ డ్రైవరు తీగలు ఊడదీసి కొలిస్తే మీటరు తెర మీద OL అని వచ్చింది, అంటే కాయిల్ తెగిపోయింది. డయాఫ్రమ్‌కు, కూలికి అయిన 1,400 రూపాయలు మేమే పెట్టుకున్నాము. సొమ్ము కన్నా ఆ రెండో పెళ్లివారి ముందు తలవంచుకుని నిలబడడం నాకు ఎక్కువ బాధ కలిగించింది.

మీటరు అబద్ధం చెప్పలేదు. సాధారణ బాక్సులో సాకెట్‌కు, హారన్‌కు మధ్య క్రాసోవరు ఉంటుంది. హారన్ వైపు వెళ్లే దారిలో కెపాసిటరు ఉంటుంది, అది మీటరు పంపే కరెంటును అటు వెళ్లనివ్వదు. కనుక సాకెట్ దగ్గర కనిపించే 6.1 కేవలం పెద్ద స్పీకరుది. హారన్ ఉన్నా, కాలిపోయినా అంకె మారదు. పార్టీలు వేరొక మిక్సరు తెచ్చుకుని, యాంప్ మీద ఎర్రని క్లిప్ లైటు వెలుగుతూ ఉన్నా మోత పెంచుతూ పోతే మొదట కాలేది ఆ సన్నని హారన్ కాయిలే. అంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న భాగాన్నే మా పరీక్ష వదిలిపెట్టింది.

అప్పటి నుండి టాపులకు మీటరుతో పాటు చెవి పరీక్ష పెట్టాను. ఫోన్‌లో టోన్ వినిపించే యాప్ ఒకటి ఉంచుకుని, యాంప్ మోత పూర్తిగా తగ్గించి, 8,000 హెర్ట్జ్ టోన్ పెట్టి, సన్నని ఈల మాత్రమే వినిపించేంత వరకు పెంచుతాము. ఎక్కువ మోతతో ఈ టోన్ పెడితే పరీక్షే హారన్‌ను కాల్చగలదు కాబట్టి పది సెకన్లకు మించి ఉంచము. ఆ ఈల హారన్ నుండే వస్తుంది. వినిపించకపోతే హారన్ విభాగంలో దోషం ఉన్నట్టే, అప్పుడు తీగలు ఊడదీసి డ్రైవరును నేరుగా కొలవాలి. తరువాత 1,000 హెర్ట్జ్, 100 హెర్ట్జ్ కూడా పెట్టి గరగర ఉందేమో వినాలి. ఆ శనివారం ఇలా చేసి ఉంటే 3వ టాపు వరుసలో ఎడమ వైపు ‘6.1, 8,000 వినిపించింది’ అని, కుడి వైపు ‘6.1, 8,000 వినిపించలేదు, హారన్ OL, పాత సీలు అలాగే ఉంది’ అని ఉండేది. సీలు అంటే బాక్సు వెనుక స్క్రూ మీద గోళ్ల రంగుతో మేము పెట్టే చుక్క. అది చెదరకుండా ఉంటే మధ్యలో ఎవరూ విప్పి డ్రైవరు మార్చలేదని తెలుస్తుంది.

లైట్లు

పార్ లైటును ఒక్కొక్క రంగు విడిగా పూర్తి వెలుగులో పెట్టి, నేరుగా కాకుండా గోడ మీద పడే వెలుగును చూసి, తరువాత వెలుగు బాగా తగ్గించి బల్బులు లెక్కపెట్టాలి. ‘54లో 3 ఆరాయి, ఎరుపు’ అని రాయాలి. ఒకే రంగులో వరుసగా కొన్ని ఒక్కసారే ఆరితే అవి శ్రేణిలో కలిసి ఉన్నవి, ఒక్క బల్బు పోయినా గుంపంతా ఆరుతుంది కనుక అది చిన్న మరమ్మతుతో పోయే దోషం కావచ్చు. దానికి పెద్ద మొత్తం అడగకూడదు.

అసలు వెలగని లైట్లు వస్తే ఎన్ని, ఏ లైనులో కట్టినవి అని అడిగి రాయండి. ఒక్కటే పోతే దాని వయసు వల్ల కావచ్చు. ఒకే లైనులో కట్టిన నాలుగైదు ఒకే రాత్రి పోతే అనుమానించవలసింది కరెంటును. మూడు ఫేజుల జనరేటరులో న్యూట్రల్ వదులైతే 230 వోల్టులు రావలసిన చోట 400 వైపు పెరుగుతుంది, అప్పుడు లైటు లోపలి పవర్ సప్లై ఫ్యూజు, దాని పక్కనున్న నల్లని లేదా నీలి బిళ్ల కాలి పగులుతాయి. విప్పి ఆ బిళ్ల పగులును ఫోటో తీస్తే, పైన ‘కరెంటు ఎవరిది’ అనే గడి ఎందుకు పెట్టామో అప్పుడు అర్థమవుతుంది. జనరేటరు మనదే అయితే ఆ నష్టం మనదే.

మైకుల జాలి నొక్కుకుపోయిందేమో, కార్డ్‌లెస్ మైకు లోపల సెల్లు కారిందేమో చూడాలి. మైకు వైర్లకు 1, 2, 3 పిన్నులు ఆ చివర అవే 1, 2, 3కు అందుతున్నాయో లేదో చూస్తూ, మీటరు పెట్టి ఉండగానే కనెక్టరు దగ్గర వైరును కొద్దిగా ఊపాలి. అంకె మిణుకుమంటే లోపలి అతుకు వదిలింది.

డబ్బు దగ్గర

గీతలు, వెలిసిన రంగు, అరిగిన చక్రాలు వాడకం వల్ల వచ్చేవి, వాటికి మేము ఏమీ అడగము. కాలిన కాయిల్, విరిగిన హారన్, చుట్టిన ఫ్యూజు, తగ్గిన లెక్క మాత్రమే బయానాలోంచి కోసుకుంటాము. కోత మొత్తం కూడా కొత్త వస్తువు ధర కాకుండా, మరమ్మతు చేసినవారి బిల్లు అంతే. ఆ బిల్లు నకలు చలానాకు కుట్టి ఉంచుతాము.

చలానా చెప్పలేనిది కూడా ఉంది. పంపినప్పటికీ, వచ్చినప్పటికీ మధ్య తేడా ఏమిటో అది చెబుతుంది కానీ ఆ తేడా ఎవరి చేతిలో వచ్చిందో చెప్పదు. గరగర మొదలైన కాయిల్ ముందు రెండు పెళ్లిళ్లలోనే సగం పాడై, మూడో పెళ్లిలో పూర్తిగా పోయి ఉండవచ్చు. అందుకే ప్రతి నంబరు బాక్సుకు ఒక పుస్తకంలో ఒక పేజీ ఉంచి, ప్రతి చలానా నుండి దాని ఓమ్ అంకె, రాపిడి మాట అందులో ఎక్కించాలి. అంకె ఒక్కసారిగా మారితే ఆ రాత్రి లెక్క వేరు, ముందు నుంచే రాపిడి రాసి ఉంటే మన బాధ్యత కూడా ఉందని ఒప్పుకోవాలి.

రోజుల తరబడి బయట ఉండే సామానుకు ఈ పద్ధతి కొంచెం మార్చుకోవాలి. బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి యాత్ర వంటి వాటికి వెళ్లిన సెట్టు వారాల తరువాత గానీ రాదు. అంత కాలం తరువాత వచ్చిన దోషం ఏ రోజుదో ఎవరూ చెప్పలేరు. అలాంటి కిరాయికి చలానాలో కుడి వైపు మరికొన్ని గడులు చేర్చి, వారానికి ఒకసారి మన మనిషి అక్కడికే వెళ్లి మధ్యాహ్నం సామాను ఆపి ఉన్న వేళ ఓమ్ కొలత, 8,000 టోన్ పరీక్ష చేసి, అక్కడి నిర్వాహకుడి సంతకం తీసుకుని రావాలి. బండి ఖర్చు ఉంటుంది, దానిని అద్దెలో ముందే కలిపి చెప్పండి.